గుండీల పిల్ల డబ్బీ

దగ్గు పిన్ని అంటే ఆ ఛాతీ ఆస్పత్రిలో తెలియనివాళ్లు లేరు. అసలు పేరు ఒకటి ఉండే ఉంటుంది గానీ, జీతం కాగితం మీద తప్ప అది ఎక్కడా వినపడదు. ఆస్పత్రి వెనక మూడు వైపులా గోడ, నాలుగో వైపు గాలి ఉన్న ఖాళీ జాగా ఒకటుంది. తెమడ పరీక్షకు వచ్చినవాళ్లంతా అక్కడ నిలబడి, దగ్గి, మూతున్న ప్లాస్టిక్ డబ్బీలో తెమడ తీసి ఇవ్వాలి. వాళ్లకి దగ్గడం నేర్పేది ఈవిడే. నవ్వకండి. దగ్గడం ఎవరికి రాదు అనుకుంటాం గానీ, ఎదురుగా నిలబడి 'ఊఁ, దగ్గు' అంటే చాలామందికి ఉమ్మి తప్ప ఏమీ రాదు.

"ఏంటయ్యా ఇది? ఉమ్మా? దీంతో నేనేం చేసుకోను, కవర్లు అంటించుకోనా?" అని డబ్బీ వెనక్కిచ్చేసేది పిన్ని. "గొంతులోంచి కాదు నాయనా, కడుపులోంచి రావాలి. గట్టిగా గాలి పీల్చు. ఆపు. ఇంకోసారి పీల్చు. ఇప్పుడు మీ మేనేజరు మీదున్న కోపమంతా తీసి బయటపడెయ్యి."

అంతే, ఠక్కున వచ్చేది. తనకి గాలి ఎటునుంచి వస్తోందో చూసుకుని, మూతికి మాస్కు కట్టుకుని, రోగికి కాస్త దూరంగా ఎదురుగా నిలబడేది. దగ్గే మనిషిని చూడకుండా డబ్బీ తీసుకునేది కాదు. కొత్తగా చేరిన నర్సులు నవ్వేవాళ్లు, ఇదేం కాపలా పిన్నీ అని. 'మీకేం తెలుసే, సిగ్గుకి మనుషులు చేయని పని లేదు' అనేది. ఆ మాట తన తలకే వచ్చి చుట్టుకుంటుందని అప్పటికి ఆవిడకేం తెలుసు.

ఈ ఉద్యోగంలోకి ఆవిడ ఊరికే రాలేదు. పిన్ని తల్లి క్షయ జబ్బుతోనే పోయింది. ఏ మందుకి లొంగుతుందో తెలియాలంటే అప్పట్లో తెమడను పెద్ద ల్యాబుకి పంపాలి. అక్కడ సీసాలో క్షయ పురుగుని పెంచి, మందు కలిపి, అప్పటికీ పెరుగుతుందా చస్తుందా అని చూసేవాళ్లు. ఆ పురుగేమో పరమ బద్ధకపుది, పెరగడానికే వారాలూ నెలలూ పడుతుంది. తల్లిని సాగనంపి ఇంటికొచ్చి, ఆవిడ చీరలు మడతపెట్టుకుంటుంటే రిపోర్టు వచ్చింది, ఇన్నాళ్లూ వేసిన మందు పనిచేయదని. ఆ కాగితం పట్టుకుని పిన్ని గోడకి తల బాదుకుంది. ఆ తర్వాత ల్యాబు చదువు చదివి, ఏరికోరి ఇక్కడే చేరింది.

అందుకే ఆస్పత్రికి ఆ కొత్త యంత్రం వచ్చినరోజు పిన్ని సంబరం చూడాలి. రైస్ కుక్కర్ కన్నా కాస్త పెద్దది, అంతే. తెమడలో మందునీళ్లు కలిపి, గట్టిగా ఊపి, కాసేపు ఆగి, మళ్లీ ఊపి, పలచబడ్డాక పిప్పెట్ అనే సన్న గొట్టంతో పీల్చి, కార్ట్రిడ్జ్ అనే చిన్న డబ్బాలో పోసి లోపల పెడితే చాలు, రెండు గంటల్లోపే రెండు కబుర్లు చెబుతుంది. ఈ తెమడలో క్షయ పురుగు ఉందా అన్నది ఒకటి. ఉంటే, దాని జన్యువులో ఎర్ర మందుకి లొంగకుండా చేసే మార్పు ఉందా అన్నది రెండోది. ఎర్ర మందంటే రిఫాంపిసిన్. క్షయ మందుల్లో అదే పెద్దదిక్కు. మార్పు లేదంటే మామూలు నాలుగు మందుల మాత్రలు. మార్పు ఉందంటే ఆ దారే మూసేసి, వేరే మందులతో ఇంకో దారి పట్టాలి. అటు మనిషికి ఇటు మాత్రలిచ్చినా, ఇటు మనిషికి అటు ఇచ్చినా కొంపలంటుకుంటాయి.

"మా అమ్మకి నెలలు పట్టింది. దీనికి రెండు గంటలు చాలు" అని, పిన్ని రోజూ పొద్దున్నే దాన్ని మెత్తటి గుడ్డతో తుడిచేది. ఇంట్లో మొగుడి మొహం కూడా అంత ప్రేమగా చూసి ఎరగదు పాపం, ఆయనే చెప్పుకుని నవ్వేవాడు.

ఆ యంత్రం మీద అంత నమ్మకం పెరిగిపోయిన రోజుల్లోనే ఒక మొగుడూ పెళ్లాం వచ్చారు. అతను ఇళ్లకి రంగులేసే మనిషి, గోళ్ల చుట్టూ ఎప్పుడూ ఏదో ఒక రంగు. ఆవిడ చొక్కాలు కుట్టే కార్ఖానాలో గుండీలు కుట్టే పిల్ల. పిల్లంటే పిల్లేం కాదు, పెళ్లై పదేళ్లు దాటింది. కానీ సన్నగా, నోట్లో నాలుక లేనట్టు ఉండేది. పిన్ని చూడగానే 'ఏమే గుండీల పిల్లా' అంది, ఆ పేరే ఉండిపోయింది. ఇద్దరికీ దగ్గు. ఇద్దరి ఎక్స్‌రేల్లోనూ మచ్చలు. అతను దగ్గితే గోడ అదిరేది. ఈ పిల్ల మాత్రం పైట కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, ఎవరికో క్షమాపణ చెప్పుకుంటున్నట్టు దగ్గేది.

డాక్టరమ్మ ఇద్దరికీ యంత్రం పరీక్ష రాసింది. చిన్న వయసే ఆవిడది. మాట కరుకు, మనసు కాదు.

దగ్గే జాగాలో రంగులతను ఒక్క ఊపులో డబ్బీ నింపేశాడు. గుండీల పిల్లకి మాత్రం రాలేదు. పిన్ని వీపు తట్టింది, వేన్నీళ్లు తాగించింది, మేనేజరు జోకు వేసింది. ఆ పిల్ల నవ్వబోయి ఉక్కిరిబిక్కిరైంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. గోడవతల బెంచీ మీదున్న మగాళ్లు తొంగి చూస్తున్నారు.

"మీరు చూస్తుంటే రావట్లేదు పిన్నీ. కాస్త అటు తిరగరా?" అంది సన్నగా.

పిన్ని ఏనాడూ తిరిగి ఎరగదు. కానీ ఆ రోజు ఆ పిల్ల మొహం చూసి జాలిపడింది. 'సరే, మీ ఆయన పక్కనుంటాడులే' అని చెప్పి, బెంచీ మీద మగాళ్లని 'ఇక్కడేం సినిమా ఆడుతోందా?' అని కసిరి, వాళ్లవైపు తిరిగి నిలబడింది. వెనక రెండు మూడు దగ్గులు వినిపించాయి. తిరిగి చూసేసరికి ఆ పిల్ల డబ్బీ అందిస్తోంది. చిక్కటి, పసుప్పచ్చటి మంచి తెమడ.

"శభాష్! చూశావా, సిగ్గు పక్కన పెడితే ఎంత బాగా వచ్చిందో" అంది పిన్ని. ఆ పిల్ల తల దించుకుంది. అతను నవ్వాడు. రెండు డబ్బీలూ ఒకేలా ఉన్నాయని పిన్ని గమనించకపోలేదు. ఒకే ఇల్లు, ఒకే జబ్బు, ఒకేలా ఉండక ఇంకెలా ఉంటుంది అనుకుంది.

రెండు గంటలకి రెండు జవాబులూ వచ్చాయి. ఇద్దరికీ క్షయ ఉంది. ఇద్దరి తెమడలోనూ ఎర్ర మందుకి లొంగని గుణం కనపడలేదు. ఇద్దరికీ మామూలు మాత్రలు రాసింది డాక్టరమ్మ, ఆరు నెలలు. పిన్ని తనే ఎదురెళ్లి చెప్పింది. "అదృష్టవంతులే మీరు, మొండి రకం కాదు. రోజూ మింగండి, తగ్గిపోతుంది. ఒంటేలు ఎర్రగా వస్తే కంగారు పడకండి, మందు రంగది."

నెల తిరిగేసరికి రంగులతను మళ్లీ నిచ్చెన ఎక్కాడు. దగ్గు పోయింది, బుగ్గలొచ్చాయి. గుండీల పిల్ల మాత్రం మాత్రల కోసం వచ్చినప్పుడల్లా ఒక పాలు తగ్గి వచ్చేది. జాకెట్టు చేతులు వదులైపోతే తనే కుట్టు బిగించుకుని, మళ్లీ బిగించుకుని వచ్చేది. సాయంత్రమైతే జ్వరం అనేది.

"మాత్రలు మింగుతున్నావా?"

"మింగుతున్నా పిన్నీ. ఒంటేలే కాదు, కన్నీళ్లు కూడా ఎర్రగా వస్తున్నాయి, చూడు" అని ఓసారి తెల్ల చేతిరుమాలు చూపించింది. నారింజ రంగు మరకలు. ఏడ్చావేంటే అని అడగడం పిన్నికి తట్టలేదు. మందు పని చేస్తోందన్న గుర్తు చూసి సంతోషించింది. కొందరికి ఆలస్యంగా పడుతుందిలే అని సర్దిచెప్పింది. యంత్రం చెప్పింది కదా, లొంగే రకమేనని. ఇప్పుడు తలుచుకుంటే ఆవిడకి తన చెంపలు తనే వాయించుకోవాలనిపిస్తుంది. యంత్రం అబద్ధం చెప్పదు, నిజమే. కానీ అది డబ్బీలో ఉన్నదాని సంగతి చెబుతుంది గానీ, డబ్బీ మీదున్న పేరు సంగతి దానికేం తెలుసు?

రెండు నెలలయ్యాక మళ్లీ తెమడ చూడాలి. చచ్చిన పురుగుల్ని కూడా యంత్రం పట్టేస్తుంది కాబట్టి ఈసారి ముందు మైక్రోస్కోపు కింద చూస్తారు. పిన్ని ఎదురుగా నిలబడింది. గుండీల పిల్లకి ఇప్పుడు సిగ్గుపడే ఓపిక కూడా లేదు. గోడ పట్టుకుని, వంగి, చాలాసేపు తంటాలుపడి కొంచెం తీసింది. పలచగా, తెల్లగా, మధ్యలో సన్నటి నెత్తుటి దారం. పిన్ని ఆ డబ్బీ వెలుతురుకి ఎత్తి పట్టుకుని చూసింది. రంగు మారవచ్చు, జబ్బు ముదిరితే మారుతుంది. అయినా ఆవిడకి ఆ మొదటి డబ్బీలోని చిక్కటి పసుపు గుర్తొచ్చింది.

మైక్రోస్కోపు కింద పురుగులు బోలెడున్నాయి. మందు వేస్తున్నా ఇన్నుంటే అనుమానించాలి గనక, మళ్లీ యంత్రంలో పెట్టింది. తెర మీద జవాబు వచ్చింది. క్షయ ఉంది. ఎర్ర మందుకి లొంగని గుణం ఉంది.

డాక్టరమ్మ ఇద్దరినీ కూర్చోబెట్టింది. పిన్ని రిపోర్టు ఇచ్చి తలుపు దగ్గర నిలబడింది.

"మొదట్లో ఎర్ర మందు నీకు పనిచేస్తుందని వచ్చింది. ఇప్పుడు చేయదని వచ్చింది" అంది డాక్టరమ్మ గుండీల పిల్లతో. "సరిగ్గా మింగకపోతేనే లొంగే పురుగు మొండిగా తయారయ్యేది. నిజం చెప్పు. మధ్యలో మానేశావా?"

"నేనా? లేదమ్మా..." అని ఆగిపోయింది ఆ పిల్ల. కాసేపు ఆ రిపోర్టు వైపు చూసింది. "అంటే, అమ్మా, ఆ మొదటి పరీక్ష పురుగుందా లేదా అనే కాదా? ఏ మందు వేయాలో కూడా అదే చెబుతుందా?"

"అవును. దాన్ని బట్టే కదా నీకు ఆ మాత్రలిచ్చింది."

ఆ పిల్ల మొగుడి వైపు చూసింది. అతనికి ఈ మాటలేవీ తలకెక్కినట్టు లేదు. పెళ్లాం మొహంలోకి భయంగా చూస్తున్నాడు. "మానేశావేంటే? నిజంగానా?" అన్నాడు.

"మానేశాను" అంది గుండీల పిల్ల. "మింగితే వికారంగా ఉండేది. చాలా రోజులు మానేశాను."

రంగులతను లేచి నిలబడ్డాడు. "బుద్ధుందా నీకు? నేను మింగలేదా? నాకు తగ్గలేదా? ఒకే మాత్రలు కదే ఇద్దరికీ! పొద్దున్నే పనికి పోతానని, చూసేవాడు లేడని..." కుర్చీలో కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆ పిల్ల అతని మోకాలి మీద చెయ్యి వేసి, తిట్టించుకుంటూ కూర్చుంది. ఎవరి మీద జాలిపడాలో పిన్నికి అర్థం కాలేదు.

కొత్త మందులు మొదలుపెట్టే ముందు గుండె పరీక్ష, రక్త పరీక్ష చేయాలి. ఇంకేయే మందులకి లొంగుతుందో తేల్చడానికి మరో పరీక్ష కూడా ఉంది. ఆ పనుల మీద మర్నాడు గుండీల పిల్ల ఒక్కతే వచ్చింది. పిన్ని ఆవిణ్ణి చెయ్యి పట్టుకుని దగ్గే జాగాలోకి తీసుకెళ్లింది. అక్కడ ఎవరూ లేరు.

"అబద్ధం ఎందుకు చెప్పావే? కన్నీళ్లు ఎర్రగా వచ్చే మనిషి మాత్రలు మానడమేంటి? నన్నూ డాక్టరమ్మననుకున్నావా?"

ఆ పిల్ల గోడకి ఆనుకుని, ఊపిరి తీసుకుని చెప్పింది. "ఆ రోజు డబ్బీలో ఉన్నది నాది కాదు పిన్నీ."

పిన్ని ఆవిడ చెయ్యి వదిలేసింది.

"నువ్వు అటు తిరిగావు కదా. నేనెంత దగ్గినా రాలేదు. ఊపిరందక అవస్థ పడుతుంటే ఆయన చూడలేకపోయాడు. నా చేతిలో డబ్బీ లాక్కుని తనే నింపాడు. ఇద్దరిదీ ఒకటే జబ్బేగా, ఎవరిదైతేనేంటే పిచ్చిదానా, అన్నాడు. నాకూ నిజమే అనిపించింది. పరీక్షంటే ఉందా లేదా చెప్పేది అనుకున్నాం. ఉందని మాకు తెలుసుగా."

"అయ్యో..." పిన్ని నెత్తి కొట్టుకుంది. "అయ్యో తల్లీ. నేను తిరిగి నిలబడకపోతే..."

"నువ్వు నామీద జాలిపడ్డావు. ఆయనా అంతే." ఆ పిల్ల నవ్వింది. ఆ నవ్వు చూస్తే రాయి కూడా కరుగుతుంది. "పిన్నీ, ఆయనకి మాత్రం చెప్పకు. నేను మానేశానంటే తిడతాడు, నాలుగు రోజులు ఏడుస్తాడు, మర్చిపోతాడు. తన చేత్తో నాకు తప్పు మందు ఇప్పించానని తెలిస్తే ఆయన బతకడు. నా మీద ఒట్టు."

"అలాగేనే. కానీ నీకెందుకమ్మా ఈ నింద? బతికినన్నాళ్లూ నిన్ను దెప్పుతాడు."

"దెప్పనీ. నాకలవాటే." కాసేపు దగ్గి, కొంగుతో మూతి తుడుచుకుంది. కొంగు ఎర్రబడింది, ఈసారి మందు వల్ల కాదు. "నీకెందుకు చెబుతున్నానంటే, నా పక్కన కాజాలు కుట్టే పిల్ల కూడా దగ్గుతోంది. మాకంటే ముందు మా కటింగు మేస్త్రి ఏడాదంతా దగ్గి దగ్గి పని మానేశాడు. నాకు ఆ మేస్త్రి దగ్గర్నుంచే, మా ఆయనకి ఇంకెక్కణ్ణుంచో వచ్చి ఉంటుంది కదా? మాత్రలు మానడం వల్ల నా ఒంట్లోనే మొండిగా మారిందని డాక్టరమ్మ అనుకుంటే, కార్ఖానా వైపు ఎవరు చూస్తారు? ఆ కాజాల పిల్లకి చంటిబిడ్డ ఉంది. ఆ తల్లికీ నాలాగే పనిచేయని మాత్రలు పడకూడదు."

పిన్నికి ఏడుపు ఆగలేదు. అంతమందిని కసిరి గదిమిన మనిషి, మాస్కు తడిసిపోయేలా ఏడ్చింది. గుండీల పిల్లే ఆవిడ వీపు నిమిరింది.

కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందంటారు. అయినా డాక్టరమ్మకి చెప్పక తప్పదు. పిన్ని గదిలోకెళ్లి తలుపు మూసి, తను వీపు తిప్పిన సంగతితో సహా అంతా చెప్పేసింది. డాక్టరమ్మ పెన్ను మూత పెట్టేసింది.

"నేను ఆ అమ్మాయిని అంత మాట అన్నాను పిన్నీ."

"నేనేం తక్కువ చేశానా అమ్మా?"

"ఆమె మొగుడికి చెప్పాల్సిన పని మనకి లేదు. కార్ఖానాకి మాత్రం వెళ్లాలి" అని లేచింది డాక్టరమ్మ. ఆ సాయంత్రమే ఇద్దరూ వెళ్లారు. కుట్టు మిషన్లు రెండు వరసలు, కిటికీలు మూసి ఉన్నాయి. గాలేస్తే గుడ్డముక్కలు ఎగురుతాయట. కాజాల పిల్ల మూల స్టూలు మీద కూర్చుని దగ్గుతోంది. పక్క స్టూలు ఖాళీగా ఉంది.

మర్నాడు కాజాల పిల్ల డబ్బీ పట్టుకుని సిగ్గుపడుతుంటే పిన్ని కదల్లేదు. "నువ్వు ఏడువు, నన్ను తిట్టుకో, నేను మాత్రం ఇక్కణ్ణుంచి అటు తిరగనమ్మా" అని ఎదురుగా నిలబడే తీయించింది. రెండు గంటలకి జవాబు వచ్చింది. క్షయ ఉంది, ఎర్ర మందుకి లొంగదు. ఆ పిల్లకి ఒక్క తప్పు మాత్ర కూడా పడకుండా, మొదటి మాత్రే సరైనది పడింది. చంటిబిడ్డనీ పరీక్ష చేశారు, ఏమీ లేదు. మేస్త్రిని ఎక్కడో వెతికి పట్టుకుని అతనికీ మందులు పెట్టారు.

ఈ కబురు గుండీల పిల్లకి చెప్పడానికి పిన్ని వాళ్లింటికి వెళ్లింది. ఒక్క గది. రంగులతను భార్య కోసం గోడకి ఆకాశం రంగు వేసి, కిటికీ రెక్కలు ఊడదీసేశాడు, గాలి రావాలని డాక్టరమ్మ చెప్పింది కదా అని. కొత్త మాత్రలు మొదలై కొన్ని వారాలైంది. జ్వరం తగ్గింది, ఆ పూట రెండు ముద్దలు ఎక్కువే తిందట.

"బతికిస్తారు కదా పిన్నీ దీన్ని?" అన్నాడు అతను. "ఇప్పుడు నేనే దగ్గర కూర్చుని మింగిస్తున్నా. నోరు తెరిపించి చూస్తా, నాలిక కింద దాచిందేమోనని. దొంగది ఇది."

గుండీల పిల్ల మంచం మీంచి పిన్నిని చూసి కన్ను గీటింది. పిన్ని దగ్గరికెళ్లి వంగి కాజాల పిల్ల సంగతి చెవిలో చెప్పింది. ఆ పిల్ల కళ్లు మూసుకుని, హమ్మయ్య అంది.

మందు సరైనదే. పని కూడా మొదలుపెట్టింది. కానీ పట్టని మాత్రలు మింగిన ఆ రెండు నెలల్లో పురుగు ఊపిరితిత్తిని తొలిచేసి గొయ్యి చేసింది. ఆ గోతిలో ఒక రక్తనాళం, ఒక తెల్లవారుజామున తెగింది. రంగులతను అంబులెన్సుకి ఫోన్ చేస్తూనే ఉన్నాడు. ఆకాశం రంగు గోడ మీద అంతా నెత్తురు పడింది. బండి వచ్చేసరికి ఆ పిల్ల లేదు.

దహనం దగ్గరకి పిన్ని వెళ్లింది గానీ, అతని ఎదటపడలేకపోయింది. మర్నాడు యంత్రాన్ని తుడవబోయి, గుడ్డ బల్ల మీద పెట్టేసి కూర్చుంది. దాని తప్పేముంది? ఏది పెడితే దాని సంగతే చెప్పింది. అమ్మ విషయంలో జవాబు ఆలస్యమై చంపింది. ఇక్కడ జవాబు వేళకే వచ్చింది, కాకపోతే ఇంకొకరిది వచ్చింది.

తర్వాత చాలా రోజులకి, ఒక పొద్దున రంగులతను ఆస్పత్రికి వచ్చాడు. చేతిలో రెండు డబ్బాల రంగు, బ్రష్షులు. అతని కోర్సు పూర్తయింది, నయమైపోయాడని రాసిచ్చారు. మనిషి బాగా చిక్కిపోయాడు, అది జబ్బు వల్ల కాదు.

"పిన్నీ, మీ దగ్గే జాగాలో గోడ వెలిసిపోయింది. నేను రంగేస్తా. ఊరికేలే, దాని పేరు మీద" అన్నాడు.

పిన్ని సరేనంది. రోజంతా వేశాడు. పొరలూడిన సున్నం గీకి, కన్నాలు పూడ్చి, ఆకాశం రంగు రెండు పూతలు పూశాడు. సాయంత్రం అంతా ఆరాక, రోగులు నిలబడే చోటికి సరిగ్గా ఎదురుగా, తెల్ల రంగుతో, ఒక్కొక్క అక్షరం అరచెయ్యంత పెద్దది రాశాడు.

'మాత్రలు మానకండి. మా ఆవిడ మానేసి పోయింది.'

బ్రష్షు తుడుచుకుంటూ నాలుగడుగులు వెనక్కి వేసి చూసుకున్నాడు. "బాగుందా పిన్నీ? చదివినవాళ్లకి భయం పుట్టాలి. అది మాట వినుంటే..." బ్రష్షు డబ్బా మీద పెట్టేశాడు. "నేను చెడ్డగా తిట్టాను పిన్నీ దాన్ని. ఆఖర్న కూడా నోరు తెరిపించి వెతికాను. అయినా కోపం పోవట్లేదు. ఎందుకు మానేసిందో అడుగుదామంటే లేదు."

పిన్ని ఆ గోడనే చూస్తూ నిలబడింది. రేపట్నుంచి రోజూ పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఈ అక్షరాల ముందే నిలబడాలి. ఒక్క మాత్ర మానని పిల్ల మీద ఈ మాట. ఎంత వెలిసినా ఇతనే వచ్చి మళ్లీ దిద్దుతాడు, ఆ సంగతీ ఆవిడకి తెలుసు.

"బాగుంది నాయనా" అంది.

అతను వంగి డబ్బాలోకి చూశాడు. "తెల్ల రంగు ఇంకా మిగిలింది పిన్నీ. కింద చోటుంది. ఇక్కడికొచ్చేవాళ్లకి ఇంకేమైనా చెప్పాలా? చెప్పు, రాసేస్తా."

ఏం రాయాలో పిన్నికి తెలుసు. ఎవరి తెమడ వాళ్లే ఇవ్వండి, మీ మందు దాన్ని బట్టే. ఈ గోడ మీద ఉండాల్సింది అదొక్కటే. అది అతని చేత్తో రాయించాలి. రాస్తూ రాస్తూ సగంలో అతని చెయ్యి ఆగిపోతుంది.

"వద్దులే నాయనా. అది నేను నోటితో చెబుతాను" అని, డబ్బా మూత తనే బిగించి అతని చేతికిచ్చింది.